పదకొండు కత్తుల సెట్టా, రెండు మంచి కత్తులా?

"కొత్త ఇంట్లో దిగుతున్నాం. వంటింటికి కత్తుల సెట్టు కొనాలి. ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలకి చెక్క స్టాండుతో సహా పదకొండు వస్తున్నాయి, 'హై కార్బన్ జర్మన్ స్టీల్' అని రాశారు. ఇంకోచోట ఒక్క కత్తే రెండు వేలు చెప్తున్నారు. ఏ స్టీల్ తీసుకోవాలి? మంచిదో నాసిదో చూసి చెప్పడం ఎలా? మాకు కూరగాయలు రోజూ, చికెన్, చేప వారానికోసారి." (ఒంగోలు నుంచి)

పదకొండు వద్దండీ. నెల్లూరులో పందొమ్మిదేళ్ళు మెస్ నడిపాను, ఇప్పుడు చిన్న చిన్న ఫంక్షన్లకి వంట ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళలో మా కూరగాయల బల్ల మీద తిరిగినవి మూడు రకాల కత్తులే. పెద్దది ఒకటి, అరచేతిలో ఇమిడే చిన్నది ఒకటి, బ్రెడ్డుకి రంపపు పళ్ళది ఒకటి. చేపకీ కొబ్బరికీ కత్తిపీట ఎటూ ఉండేది. మీరు చూసిన సెట్టుని ఒకసారి విడమర్చి లెక్కేయండి. అలాంటి పదకొండులో సాధారణంగా ఒకటి కత్తెర, ఒకటి స్టాండు, ప్లేటులో మాంసం కోసుకునే చిన్న పళ్ళ కత్తులు నాలుగో ఆరో ఉంటాయి. మనం కోసుకు తినేదీ లేదు, అవి స్టాండు దిగేదీ లేదు. స్టాండు ఖర్చు, అట్టపెట్టె ఖర్చు, కొరియరు, అమ్మేవాడి లాభం తీసేస్తే ఒక్కో కత్తికి మిగిలేది వంద రూపాయలు కూడా ఉండదు. ఆ వందలోనే ఉక్కు కొనాలి, దాన్ని కాల్చి గట్టిపరచాలి, సన్నగా అరగదీయాలి, పిడి బిగించాలి. వీటిలో ఎక్కడో ఒకచోట చేతులెత్తేయక తప్పదు. ఎక్కడ ఎత్తేశాడో కనిపెట్టడమే కత్తి కొనడంలో ఉన్న పని.

ముందు స్టీల్ సంగతి. 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని మాత్రమే రాసి ఉంటే అందులో మనకి తెలిసింది ఏమీ లేదు. మన గిన్నెలు, గ్లాసులు చేసేది కూడా స్టెయిన్‌లెస్ స్టీలే, కానీ ఆ రకాన్ని ఎంత కాల్చి చల్లార్చినా గట్టిపడదు, దానితో చేసిన కత్తి పప్పుగరిటెతో సమానం. కత్తికి కావాల్సిన ఉక్కులో రెండు సరుకులు చూడాలి. కార్బన్ ఎంత ఉంటే కాల్చినప్పుడు ఉక్కు అంత గట్టిపడే వీలుంటుంది. క్రోమియం ఎంత ఉంటే తుప్పుని అంత ఆపుతుంది. క్రోమియం కనీసం పది, పదకొండు శాతం ఉంటేనే స్టెయిన్‌లెస్ అంటారు.

కొంచెం నిజాయితీ ఉన్న కంపెనీ అయితే కత్తి మీదో పెట్టె మీదో స్టీల్ నంబరు వేస్తుంది. చూడ్డానికి పాస్‌వర్డులా ఉంటుంది గానీ చదవడం తేలికే. X50CrMoV15 అని ఉంటే కార్బన్ అర శాతం దగ్గర, క్రోమియం పదిహేను శాతం దగ్గర అని అర్థం. జర్మన్ వంటింటి కత్తుల్లో ఎక్కువ భాగం ఇదే ఉక్కు. దీన్నే 1.4116 అని కూడా రాస్తారు. 5Cr15MoV అని ఉంటే దాదాపు ఇలాంటిదే, చైనా పద్ధతిలో రాసిన పేరు. మొదటి అంకె 5 అంటే అర శాతం కార్బన్. అదే 3Cr13 అని ఉంటే కార్బన్ 0.3 దగ్గర ఆగిపోయింది. 420J2 కూడా ఆ తరగతిదే. ఇవి తుప్పు బాగా ఆపుతాయి, పదును మాత్రం నిలవదు. పైకి పోతే 9Cr18MoV లాంటివి, జపాన్ VG-10 లాంటివి ఉన్నాయి, వాటిలో కార్బన్ ఒక శాతం దగ్గరికి వస్తుంది.

మీరు చూసిన ప్రకటనలో 'హై కార్బన్ జర్మన్' అన్నాడు, నంబరు వేయలేదు. అర శాతం కార్బన్‌ని హై కార్బన్ అనొచ్చా, అనకూడదా అని అడిగేవాడెవడూ లేడు కాబట్టి 0.3 ఉన్నదానికి కూడా అదే మాట తగిలిస్తారు. నంబరు లేని చోట ఆ మాటకి విలువ కట్టకండి.

అయితే నంబరు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. ఉక్కుని వెయ్యి డిగ్రీలు దాటేదాకా కాల్చి, గబుక్కున చల్లార్చి, మళ్ళీ రెండొందల డిగ్రీల అటూ ఇటూ కొంతసేపు వేడి మీద ఉంచుతారు. మొదటి కాల్పుతో గట్టిదనం, రెండో దానితో పెళుసు తగ్గడం. పాత కొలిమి పనివాళ్ళు రంగు చూసి చేసిన పని ఇదే. ఇందులో తొందరపడితే మంచి ఉక్కు కూడా మెత్తగా మిగిలిపోతుంది. గట్టిదనాన్ని HRC అనే కొలతలో చెప్తారు. వంటింటి కత్తికి 55 నుంచి 57 మధ్య ఉంటే మన ఇళ్ళకి సరిగ్గా సరిపోతుంది. నాసివి 52 దగ్గరో ఇంకా కిందో ఉంటాయి. జపాన్ రకాలు 60 దాటుతాయి.

60 అంటే ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. బంధువుల అబ్బాయి ఒకరు VG-10 కత్తి కానుకగా ఇచ్చారు. ఉల్లిపాయ మీద పెడితే దాని బరువుకే దిగిపోయేది. వారం తిరక్కముందే పులుసుకని వంజరం తల దానితో నరికాను. కడిగి లైటు కింద పెట్టి చూస్తే వాదర మీద మూడు చోట్ల నెలవంకల్లా ముక్కలు ఎగిరిపోయి ఉన్నాయి. అవి పోవాలంటే వాదర మొత్తాన్నీ ఆ లోతు దాకా అరగదీయాలి. రెండు సాయంత్రాలు రాయి మీద కూర్చున్నాను. అంత గట్టి ఉక్కు వంగదు, విరుగుతుంది. ముల్లు, ఎముక, మామిడి టెంక, గుమ్మడికాయలో దించి మెలితిప్పడం, ఇవన్నీ దానికి పడవు. ఇంట్లో ఒక్కరే, ఒక్క కత్తితో, కూరగాయలు మాత్రమే కోస్తారంటే తీసుకోండి. నలుగురి చేతుల్లో తిరిగే కత్తి అయితే 56 దగ్గరే ఆగండి.

ఇక అసలు విషయం. మనం 'పదును' అనే ఒక్క మాట కింద మూడు వేరు వేరు సంగతులు కలిపేస్తాం. కావలిలో ఉండే మా మేనకోడలికి గృహప్రవేశానికి ఎవరో ఇలాంటి సెట్టే ఇచ్చారు. "మామయ్యా, నెల తిరగలా, టమాటా తెగడం లేదు, నలుగుతోంది" అని ఫోను చేసింది. అందులోని ఎనిమిదంగుళాల పెద్ద కత్తి తెమ్మన్నాను. నా దగ్గరున్న 5Cr15MoV కత్తి కూడా అదే పొడవు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఏం కనిపించిందో పూర్తిగా చెప్తాను, ఎందుకంటే మీరు ఇంట్లో ఇదే పని చేయొచ్చు.

మొదట కత్తిని వాదర పైకి ఉండేలా పట్టుకుని ట్యూబ్‌లైటు కింద నెమ్మదిగా తిప్పాం. పదునున్న అంచు కంటికి కనబడదు, వెలుతురు పడటానికి అక్కడ వెడల్పే ఉండదు. మేనకోడలి కత్తికి మధ్యలో నాలుగంగుళాల మేర తెల్లటి గీత మెరిసింది. తర్వాత బొటనవేలి గోరుని కత్తి వీపు వైపు నుంచి వాదర వైపుకి, అంచు దాటేలా మెల్లగా జరిపాం. (అంచు వెంబడి కాదు, అలా జరిపితే గోరుతో పాటు వేలూ తెగుతుంది.) ఒక వైపు నున్నగా జారిపోయింది, రెండో వైపు గోరు తట్టుకుంది. అంటే అంచు విరగలేదు, పక్కకి వాలిపోయింది. విరిగితే ఉక్కు మరీ గట్టిదని, వాలితే మెత్తదని గుర్తు. నెలలోపు అంత పొడవున వాలిందంటే బాగా మెత్తదన్నమాట.

సరే అని సాన పట్టాను. 1000 నంబరు నీటి రాయి, పది నిమిషాలు నానబెట్టాక కత్తి వీపుని రాయి నుంచి చిటికెన వేలి మందం ఎత్తి పట్టుకుని రుద్దడం. వాదర నుంచి వీపు దాకా నాలుగున్నర సెంటీమీటర్లు ఉన్న కత్తికి ఆ ఎత్తు పెడితే కోణం పదిహేను డిగ్రీల చిల్లర వస్తుంది. ఒక వైపు రుద్దుతూ పోతే అవతలి వైపు సన్నటి రజను పొర లేస్తుంది, దాన్నే బర్ అంటారు. అది మడమ నుంచి మొన దాకా లేచిందంటే ఈ వైపు పని అయిపోయినట్టు, అప్పుడు కత్తి తిప్పాలి. నా కత్తికి బర్ లేవడానికి పది నిమిషాలు పట్టింది, రెండో వైపు తేలికపాటి రుద్దుడుతో ఊడిపోయింది. మేనకోడలి కత్తికి మూడు నిమిషాల్లో లేచింది గానీ ఎంతకీ ఊడలేదు. ఇటు రుద్దితే అటు, అటు రుద్దితే ఇటు తిరిగింది, సిగరెట్ పెట్టెలోని జిగేల్ కాగితంలాగా. మెత్తటి ఉక్కు లక్షణం ఇది. చివరికి బరువు పెట్టకుండా, వాదర ముందుకు నడిచేలా పది పన్నెండు సార్లు రాయి మీద జారనిచ్చి, ఒక చెక్క అంచు మీద కత్తిని ఒకసారి లాగితే వదిలింది. అప్పుడు న్యూస్‌పేపరు పట్టుకుని కోస్తే సర్రున తెగింది, నా దానికి ఏమాత్రం తీసిపోకుండా. మేనకోడలు "అయితే కత్తి మంచిదే కదా మామయ్యా" అంది.

పదును ఎక్కడం, ఇది మొదటి సంగతి. కొత్త కత్తులు కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. పెట్టె విప్పగానే కాగితం తెగిందంటే ఫ్యాక్టరీలో ఆఖరున సాన బాగా పట్టారని మాత్రమే అర్థం. వీడియోల్లో అమ్మేవాడు చూపించేదంతా అదే. రేకుముక్కకి కూడా ఆ పదును పెట్టొచ్చు.

మర్నాడు అరవై మంది భోజనాల ఆర్డరు ఉంది. పది కిలోల ఉల్లిపాయలు చెరి సగం చేసి, ఒకే వేపచెక్క పలక మీద రెండు కత్తులతో కోయించాను. కిలో అయినప్పుడల్లా పండిన టమాటా తొక్క మీద కత్తి ఆనించి, నొక్కకుండా లాగి చూశాం. మేనకోడలి కత్తి రెండో కిలో చివరికే తొక్క మీద జారిపోయింది. నాది ఐదో కిలో అయ్యాక కూడా తొక్కని పట్టుకుంది, మొదట్లో ఉన్నంత చురుగ్గా కాదనుకోండి. ఇది రెండో సంగతి. పదును ఎక్కడం వేరు, నిలవడం వేరు. నిలవడమనేది స్టీల్‌లోనూ, దాన్ని కాల్చిన తీరులోనూ ఉంటుంది. బయటికి కనబడదు.

మూడోది క్యారెట్టు చెప్పింది. రెండూ ఇంకా కొత్త పదును మీద ఉన్నప్పుడే లావుపాటి క్యారెట్టుని అడ్డంగా కోశాం. నా కత్తి చప్పుడు లేకుండా కింద పలకని తాకింది. దానిది సగం దాకా దిగి, అక్కడ బిగుసుకుని, గట్టిగా నొక్కితే 'టక్'మని క్యారెట్టు పగిలింది. ముక్క తిప్పి చూస్తే పైసగం నున్నగా తెగి ఉంది, కింది సగం విరిగిన కట్టెలాగా గరుకుగా ఉంది. పదును తక్కువై కాదు, ఇద్దరికీ ఒకే పదును ఉంది. కత్తి లావు. వీధి చివర లేత్ షాపులో వెర్నియర్ అడిగి, వాదరకి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో మందం కొలిపించాను. నాది 0.35 మిల్లీమీటర్లు, దానిది 0.9. ఆ మందం కూరగాయలోకి దిగేటప్పుడు మేకులా చీల్చుతుంది. కట్టెలు చీల్చే గొడ్డలికి అది కావాలి, క్యారెట్టుకి వద్దు.

నాసి కత్తులు లావుగా ఎందుకుంటాయంటే, రేకుని సన్నగా అరగదీయడానికి సమయం పడుతుంది, సన్నబడే కొద్దీ వేడెక్కి పాడవుతుంది, జాగ్రత్తగా నీళ్ళు పోస్తూ చేయాలి. ఆ పని మానేసి, మందపాటి రేకు అంచుని మాత్రం చెక్కేసి పంపుతారు. పైగా లావుగా, బరువుగా ఉంటే కొనేవాళ్ళు 'స్ట్రాంగ్' అనుకుంటారు. షాపులో కత్తి చేతిలో పట్టి బరువు చూసి తల ఊపేవాళ్ళని చూస్తుంటాను. బరువుకీ మంచితనానికీ సంబంధం లేదండీ.

కాబట్టి షాపులో ఏం చూడాలంటే, మొదట కత్తిని పిడి దగ్గర పట్టుకుని, వీపు మీదుగా తుపాకీ గురి చూసినట్టు మొన వైపు చూడండి. మంచి కత్తి వీపు పిడి దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండి మొన దగ్గరికి పోయేసరికి సన్నబడుతూ వస్తుంది. పిడి నుంచి మొన దాకా ఒకే మందం ఉంటే రేకుని కత్తిరించి అంచు గీశారని అర్థం. తర్వాత వాదర వెంబడి అలాగే చూడండి, వంకర ఉంటే అక్కడే పెట్టేయండి, అది కాల్చినప్పుడు వచ్చిన వంకర, ఇంట్లో పోదు. మొన వైపు నుంచి ఎదురుగా చూస్తే వీపు నుంచి వాదర దాకా సన్నటి V ఆకారం కనబడాలి. పక్కలు తిన్నగా గోడల్లా దిగి, చివరి మిల్లీమీటరులో మాత్రమే V ఉంటే అది క్యారెట్టు పగలగొట్టే రకం.

పిడి మీద గోరు నడిపించండి. ఉక్కుకీ పిడికీ మధ్య గోరు దూరే సందు ఉంటే అందులోకి పులుసు పోతుంది, చేప నీళ్ళు పోతాయి, వాసన వస్తుంది. ఉక్కు పట్టీ పిడి చివరిదాకా వెళ్తే మంచిదే, కానీ మూడు మేకులు కనబడగానే నమ్మకండి. కొన్నిటికి మేకు తలకాయలు అలంకారానికి అతికిస్తారు, పిడి పై అంచున ఉక్కు కనబడదు. మరోవైపు, గట్టి ప్లాస్టిక్ పిడి, రేకు నుంచి కోసి తీసిన సన్నటి అలుగు ఉన్న సాదా కత్తులు కొన్ని హోటళ్ళలో ఏళ్ళ తరబడి నడుస్తాయి. సమ్మెట పోటుతో చేసిందే గొప్ప అన్నది పాత మాట.

అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెప్తారు. అంటుకోకపోతే గిన్నెల స్టీల్ అని తేలుతుంది, వదిలేయొచ్చు. అంటుకుంటే మాత్రం ఏమీ తేలదు. గట్టిపడని చవక స్టీల్ కొన్నిటికి కూడా అయస్కాంతం అంటుకుంటుంది.

అలల అలల గీతలున్న 'డమాస్కస్' కత్తులు కూడా మీ కంట పడే ఉంటాయి. ఇప్పటివి ఎక్కువగా మధ్యలో ఒక గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తటి పొరలు కలిపి చేసేవి. ఆ గీతలు అందానికి, కోసేది మధ్యలో ఉన్న ఉక్కు. చవక వాటికి పొరలే ఉండవు, లేజరుతో గీతలు కొడతారు. వీపు మీద చూడండి, అసలు పొరలైతే గీతలు పక్క నుంచి వీపు మీదికి కూడా సాగుతాయి. లేజరువి పక్కకే ఆగిపోతాయి, పక్కలు రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. పాత డమాస్కస్ కత్తుల పేరు సిరియా ఊరిదే గానీ, వాటికి పోయిన ఉక్కు చాలావరకు మన దక్షిణాది కొలుముల నుంచే. తెలంగాణలో కోనసముద్రం ఆ పనికి పేరుపడ్డ ఊరు. ఇంగ్లీషువాళ్ళు రాసుకున్న 'వూట్జ్' అనే పేరు కూడా 'ఉక్కు' లాంటి మన మాట నుంచే పోయిందంటారు. ఇది కత్తి కొనడానికి పనికొచ్చే సంగతి కాదు, ఊరికే గుర్తొచ్చింది.

రంపపు పళ్ళ కత్తుల గురించి ఒక మాట. 'జీవితాంతం సాన అక్కర్లేదు' అని వాటి మీద రాస్తారు. సాన అక్కర్లేదని కాదు, మామూలు రాయి మీద పట్టడానికి కుదరదని. పళ్ళ మొనలు ముందు పలకని తాకుతాయి కాబట్టి గుంతల్లో పదును కొన్నాళ్ళు దాక్కుంటుంది. అది పోయాక చవకదైతే పారేయడమే. బ్రెడ్డుకీ కేకుకీ ఒకటి ఉంటే చాలు, అది చవకదైనా నడుస్తుంది. డబ్బు మిగుల్చుకోవాల్సింది అక్కడే.

మన దగ్గర ఇంకో దారి కూడా ఉంది, కమ్మరి కత్తి. లారీ కమాను పట్టీల నుంచి చేసేవి. ఆ ఉక్కులో కార్బన్ అర శాతం పైన ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు. తెలిసిన కమ్మరి అయితే 5Cr15MoV కన్నా బాగా పదును నిలుపుతుంది, రాయి మీద కూడా తొందరగా లొంగుతుంది. కానీ చింతపండు, నిమ్మ, పచ్చిమామిడి తగిలితే నల్లబడుతుంది, అరటికాయ కోస్తే అరటికాయా నల్లబడుతుంది. తడి పెట్టి పక్కకి తిరిగేలోపు తుప్పు. మన సముద్రం గాలికి మరీను. నేను మాంసానికి అలాంటిది ఒకటి ఉంచుకున్నాను, కడగ్గానే తుడిచి చుక్క నూనె రాస్తాను. అంత ఓపిక లేకపోతే స్టెయిన్‌లెస్సే నయం. స్టెయిన్‌లెస్ అన్నా కూడా రాత్రంతా ఉప్పు చేప నీళ్ళ గిన్నెలో వదిలేస్తే సూదిమొనంత చుక్కలుగా గుంతలు పడతాయి, ఉప్పు బోరు నీళ్ళయితే ఇంకా తొందరగా. వాడగానే కడిగి తుడిచెయ్యండి.

ఇప్పుడు మీ ఒంగోలు ప్రత్యేకం. కొత్త ఇల్లంటున్నారు, వంటగట్టు చీమకుర్తి నల్ల గ్రానైటే అయి ఉంటుంది. దాని మీద నేరుగా కూరగాయలు కోసే అలవాటు చాలా ఇళ్ళలో చూశాను, నున్నగా ఉంటుంది, కడగడం తేలిక అని. ఎంత మంచి కత్తి అయినా ఆ రాయిని ఒక్క పూట తాకితే చాలు, వాదర పోతుంది. మా కమ్మరి నా కత్తి చూసి ఒకసారి "ఏందబ్బయ్యా, రాయి మీద కొడితే కత్తి తెగుద్దా, రాయి తెగుద్దా" అన్నాడు. గాజు పలకలూ అంతే, అందంగా ఉంటాయి, కత్తికి శత్రువులు. వేప, చింత లాంటి చెక్క పలక గానీ, హోటళ్ళలో వాడే మెత్తటి తెల్ల ప్లాస్టిక్ పలక గానీ కొనండి. పలక మీద కత్తి గీతలు పడుతున్నాయంటే పలక తన పని చేస్తోందన్నమాట.

సానకి సందులో లాగే చిన్న పరికరాలు చవకగానే దొరుకుతాయి. అవి అంచుని చెక్కుకుంటూ పోతాయి, రెండేళ్ళలో కత్తి వాదర అలలు తిరుగుతుంది. సైకిలు చక్రం మీద సాన పట్టే ఆయనకి ఇస్తే నిప్పురవ్వలు చూసి ముచ్చటపడకండి, నీళ్ళలో ముంచుతూ పట్టమని చెప్పండి. అంచు దగ్గర నీలం రంగు తిరిగితే ఆ చోట కాల్పు పోయినట్టే, ఆ మేర అరిగిపోయేదాకా పదును నిలవదు. 1000 నంబరు ఒక వైపు, 3000 గానీ 4000 గానీ రెండో వైపు ఉన్న రాయి ఒకటి కొనుక్కుంటే, మీ వాడకానికి రెండు మూడు నెలలకి ఒక ఆదివారం ఇరవై నిమిషాలు చాలు.

మీ డబ్బు విషయానికొస్తే నేనైతే ఇలా ఖర్చు పెడతాను. పెద్ద కత్తి ఒకటి, ఏడు లేదా ఎనిమిది అంగుళాలది, X50CrMoV15 గానీ 5Cr15MoV గానీ నంబరు స్పష్టంగా వేసి, HRC 55 పైన చెప్పినది. మీరు చెప్పిన రెండు వేలలోపే ఇలాంటివి దొరుకుతాయి. చేతులు చిన్నవైతే ఆరున్నర అంగుళాలది చాలు, ఇంట్లో అందరూ ఎత్తగలిగేది కొనండి. రెండోది మూడున్నర అంగుళాల చిన్న కత్తి, బెండకాయ తొడిమలకీ, వెల్లుల్లికీ, రొయ్య వీపు చీరడానికీ. ఇది రెండొందల్లోపు సాదా కంపెనీదైనా చాలు, చిన్న కత్తికి మందం సమస్య తక్కువ. తర్వాత రాయి, పలక. చికెన్ కొట్టించే తెచ్చుకుంటారు కాబట్టి ఎముక నరికే కత్తి అక్కర్లేదు. చేప బజారులోనే శుభ్రం చేయించుకుంటే సరి, ఇంట్లో చేసుకుంటే కత్తిపీట ఉండనే ఉంది. కొత్త కత్తితో మాత్రం తల నరకొద్దు, నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నది అందుకే.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు చూసుకుని కొనండి. పెట్టె విప్పిన రోజే వీపు మీదుగా గురి చూసి, గోరు ఆడించి, లావుపాటి క్యారెట్టు ఒకటి కోయండి. 'టక్' అంటే ఆ సాయంత్రమే వాపసుకి పెట్టేయండి, వాడేకొద్దీ సర్దుకునే లోపం కాదది.